హవాయి చెప్పులు ఎక్కడ సరిపోతాయి, ఎక్కడ సరిపోవు: మడమలను, వేళ్లను దృష్టిలో పెట్టుకొని ఒక పోలిక

మా పిన్ని విజయవాడలో ఒక బట్టల దుకాణంలో చీరల విభాగంలో పని చేస్తుంది. ఉదయం పది గంటల నుంచి రాత్రి ఎనిమిదిన్నర వరకు గ్రానైట్ నేల మీద నిలబడే ఉంటుంది, బస్సు దిగి దుకాణానికి వెళ్లడానికి పావుగంట, తిరిగి రావడానికి మరో పావుగంట నడుస్తుంది. ఆరేళ్లుగా ఈ పని మొత్తానికి ఆమె వాడినవి హవాయి చెప్పులే. నిరుడు ఎండాకాలంలో ఒకరోజు ఫోన్ చేసి, "పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుందిరా, ఎముక పెరిగిందంటున్నారు" అని చెప్పింది. పాదాల నొప్పులతో వచ్చేవారిని చూడటమే ఫిజియోథెరపిస్టుగా నా రోజువారీ పని కాబట్టి, నొప్పి సంగతి పూర్తిగా వినకముందే ఆ చెప్పులు తీసుకొని రమ్మన్నాను.

ఆ చెప్పులు చూస్తే చాలావరకు విషయం అర్థమైంది. మడమ ఆనే చోట అడుగు పల్చబడి లోపలికి గుంటపడింది. స్కేలు పెట్టి కొలిస్తే అంచున 14 మిల్లీమీటర్ల మందం ఉన్న అడుగు మడమ కింద 7 మిల్లీమీటర్లే మిగిలింది. ముందుభాగంలో అయిదు వేళ్లకూ అయిదు లోతైన గుర్తులు పడ్డాయి. వెనక మడమ చెప్పు అంచు దాటి బయటికి వస్తోందని అక్కడ నలిగిన రబ్బరు చెబుతోంది. హవాయి చెప్పులతో వచ్చే ఇబ్బందులన్నీ ఈ మూడు గుర్తుల్లోనే ఉన్నాయి కాబట్టి వాటి వెంటే వెళ్దాం.

వేళ్ల గుర్తులు ఎందుకు పడతాయి

బూటుకు లేసులు, శాండిల్‌కు వెనక పట్టీ ఉంటాయి కాబట్టి అవి పాదాన్ని వాటంతట అవే పట్టుకొని ఉంటాయి. హవాయి చెప్పుకు వేలి సందులో ఒక గుండీ, దాని నుంచి రెండు వైపులా సాగే పట్టీ తప్ప మరేమీ లేవు. కాలు ఎత్తిన ప్రతిసారీ చెప్పు జారిపోకుండా వేళ్లే కిందికి వంగి దాన్ని పట్టుకోవాలి. మనకు తెలియకుండానే ఈ పని అడుగడుగునా జరుగుతుంది. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ఈ నడకనూ స్పోర్ట్స్ షూతో నడిచే నడకనూ పోల్చి, ఇలాంటి చెప్పులు వేసుకున్నవారు అడుగులు చిన్నవిగా వేస్తున్నారనీ, కాలు గాలిలో ఉన్నప్పుడు పాదాన్ని పైకి ఎత్తవలసినంత ఎత్తడం లేదనీ గమనించారు.

పాదం పైకి లేవకపోతే ముందుగా దెబ్బ తగిలేది బొటనవేలికి. మనవాళ్లు ఎదురుదెబ్బ అనే ఈ గాయానికి, గడప, మెట్టు అంచు, రోడ్డు మీద లేచిన రాయి ఎంత కారణమో, వేళ్లను బయట పెట్టి పాదాన్ని ఎత్తనివ్వని చెప్పు కూడా అంతే కారణం. రోజూ గంటల తరబడి వేళ్లను ముడుచుకొని నడిచేవారికి వేలి పైకీలు దగ్గర కాయ కాయడం, వేలి చివర నొప్పి రావడం మామూలే. అప్పటికే వేళ్లు వంకర తిరగడం మొదలైనవారికి ఈ అలవాటు మరింత చెరుపు చేస్తుంది.

గుండీ దగ్గర మరో సమస్య ఉంది. కొత్త చెప్పు వేలి సందును ఒరిపి పొక్కు లేపుతుంది. పట్టీ ఊడినప్పుడు గుండీ కింద పిన్నీసు పెట్టి వాడుకోవడం మన ఇళ్లలో ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటు. ఆ పిన్నీసు తెరుచుకుంటే, లేదా అడుగు అరిగిపోయి అది పైకి పొడుచుకొని వస్తే, గాయమయ్యేది అరికాలికే. కొత్త పట్టీ కొనడానికి అయ్యే ఖర్చు ఏపాటిదో అందరికీ తెలుసు, పట్టీ ఊడిన చెప్పును పిన్నీసుతో నడిపించవద్దని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

మడమలో ఏం జరుగుతుంది

మడమ ఎముక నుంచి వేళ్ల మొదలు దాకా అరికాలి కింద నారలాంటి ఒక బలమైన పొర ఉంటుంది. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. పాదం వంపు కిందికి కుంగిపోకుండా అది వింటినారిలా లాగి పట్టుకొని ఉంటుంది. చదునుగా, మెత్తగా, ఎటు వంచితే అటు వంగే అడుగు మీద గంటల తరబడి నిలబడితే, ఆ వంపుకు కింది నుంచి ఏ ఆసరా దొరకక భారమంతా ఆ పొర మీదే పడుతుంది, అది మడమకు అతుక్కొన్న చోట దెబ్బతింటుంది. రాత్రి నిద్రలో ఆ పొర ముడుచుకొని బిగుసుకొని ఉంటుంది కాబట్టి పొద్దున వేసే మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగి విపరీతంగా నొప్పి పుడుతుంది. నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది, మళ్లీ సాయంత్రానికి తిరగబెడుతుంది. నొప్పి ఈ వరసలో ఉంటే చాలావరకు ఇదే సమస్య అనుకోవచ్చు. బరువు పెరగడం, పిక్క కండరాలు బిగుసుకుపోవడం, ఒక్కసారిగా నడక పెంచడం కూడా దీనికి కారణాలే కనుక తప్పంతా చెప్పు మీద వేయడం న్యాయం కాదు. కానీ మార్చుకోవడానికి అన్నిటికంటే తేలికైనది చెప్పే.

పిన్నికి ఎవరో చెప్పిన "ఎముక పెరగడం" గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎక్స్‌రేలో మడమ కింద ముల్లులా ఎముక కనిపించేవారిలో చాలామందికి ఏ నొప్పీ ఉండదు, నొప్పి ఉన్నవారిలో కొందరికి ఆ ముల్లే ఉండదు. ఆ మాట విని భయపడి, ఆపరేషన్ తప్పదనుకొని నెలల తరబడి నలిగిపోయినవారిని చూశాను. ఆ భయం అక్కరలేదు.

మడమకు సంబంధించిన రెండో సమస్య పగుళ్లు. మడమ కింద కొవ్వుతో నిండిన ఒక మెత్త ఉంటుంది. మనం నిలబడినప్పుడు అది నలిగి పక్కలకు విస్తరిస్తుంది. వెనక మూసిన బూటులో గోడలా ఉండే భాగం దాన్ని చుట్టూ పట్టి ఉంచుతుంది. హవాయి చెప్పు వెనక ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ మెత్త పక్కలకు సాగుతుంది, దానితోపాటు చర్మమూ సాగుతుంది. చర్మం మెత్తగా ఉన్నంతకాలం పర్వాలేదు. గాలికి, దుమ్ముకు ఎండిపోయి మందంగా గట్టిపడిన చర్మం సాగలేక అంచున చీలిపోతుంది. మడమ చెప్పు దాటి బయటికి వస్తే ఆ అంచు కొనే సరిగ్గా మడమను కోస్తూ ఉంటుంది. ఈ కారణం తెలియక ఎంత క్రీము రాసినా పగుళ్లు పోవడం లేదని చెప్పేవారు చాలామంది, వెనక తెరిచి ఉన్న చెప్పే వేసుకొని తిరుగుతున్నంతకాలం క్రీము సగం పనే చేయగలదు. రాత్రిపూట పావుగంట గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నానబెట్టి, ప్యూమిస్ రాయితో తేలికగా రుద్ది, తుడిచి, యూరియా ఉన్న క్రీము రాసి, నూలు మేజోళ్లు వేసుకొని పడుకోవాలి. బ్లేడుతో కోసుకోకూడదు. పగులు లోతుగా ఉండి రక్తం, చీము కనిపిస్తే డాక్టరుకు చూపించవలసిందే.

దేనికి బదులు ఏది

హవాయి చెప్పుల స్థానంలో మన దగ్గర జనం వేసుకునేవి ముఖ్యంగా మూడు రకాలు: వెనక పట్టీ ఉన్న శాండిళ్లు, ముందు మూసి వెనక తెరిచి ఉండే ఫోమ్ చెప్పులు, పూర్తిగా మూసిన బూట్లు. పాదానికి అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చేది మూసిన బూటే. కానీ మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో రోజంతా మేజోళ్లతో బూట్లు వేసుకోమంటే ఎవరూ వినరు, విన్నవారికి చెమటతో వేళ్ల సందులు తడిసి దురద, ఒరుపు మొదలవుతాయి. పైగా మనం రోజుకు ఎన్నోసార్లు గడప దగ్గర, గుడి దగ్గర, పూజగది దగ్గర చెప్పులు విడిచేవాళ్లం. విడవడం, తొడగడం కష్టమైతే ఎంత మంచి బూటైనా మూల పడి ఉంటుంది, మళ్లీ హవాయి చెప్పులే కాళ్లకు వస్తాయి. అందువల్ల నేను ఎక్కువమందికి చెప్పేది వెనక పట్టీ ఉన్న శాండిల్, అదీ లేసులకు, బకిల్‌కు బదులు వెల్క్రోతో అతుక్కొనేది. గాలి ఆడుతుంది, వెనక పట్టీ చెప్పును మడమకు పట్టి ఉంచుతుంది కాబట్టి వేళ్లు ముడుచుకోవలసిన పని తప్పుతుంది, ఒక్క చేత్తో విడవవచ్చు. పగుళ్ల విషయంలో మాత్రం శాండిల్ పట్టీ పూర్తి గోడ కాదు, కొంత మేలు మాత్రమే చేస్తుంది. ఫోమ్ చెప్పుల్లో కూడా వెనక పట్టీని ముందుకు మడిచి వేసుకుంటే అవి హవాయి చెప్పుల కంటే గొప్పవేమీ కావు. పట్టీని మడమ వెనక్కి తెచ్చి వేసుకుంటేనే వాటి ప్రయోజనం.

శాండిల్ కొనేటప్పుడు దుకాణంలోనే మూడు పనులు చేయాలి. రెండు చేతులతో చెప్పును ముందు, వెనక పట్టుకొని వంచితే వేళ్ల మొదలు దగ్గరే వంగాలి. మధ్యలో మడత పడితే, లేదా చాపలా చుట్టుకుపోతే అది పాదం వంపును మోయలేదు. తర్వాత తువ్వాలు పిండినట్టు మెలిపెట్టి చూడాలి, సులువుగా మెలితిరిగితే వద్దు. చివరగా మడమ కింద బొటనవేలితో గట్టిగా నొక్కాలి. కొంచెం లోపలికి దిగి, వదలగానే పైకి రావాలి, రాయిలా ఉండకూడదు, నొక్కినచోట గుంటగానూ మిగిలిపోకూడదు. కొనడానికి సాయంత్రం వెళ్లడం మంచిది, అప్పటికి పాదాలు కొద్దిగా వాచి తమ అసలు కొలతలో ఉంటాయి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు కాబట్టి నిలబడి రెండిటికీ తొడిగి చూసుకొని పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. మడమ వెనక అర సెంటీమీటరయినా అంచు మిగలాలి. మడమ నొప్పి ఉన్నవారికి ముందుభాగం కంటే మడమ కింద ఒక సెంటీమీటరు ఎత్తు ఎక్కువ ఉన్నది సుఖంగా ఉంటుంది. పూర్తిగా చదునుగా ఉండే ఖరీదైన తోలు చెప్పులు ఈ విషయంలో హవాయి చెప్పుల కంటే మెరుగేమీ కాదు, ధర చూసి మోసపోకూడదు.

హవాయి చెప్పులు ఎక్కడ సరైనవి

వాటిని ఇంట్లో నుంచి పారేయమని నేను ఎవరికీ చెప్పను. హాస్టల్ స్నానాల గదుల్లో, ఈత కొలనుల దగ్గర, నదీ తీరాల పుష్కర ఘాట్‌లలో, పదిమంది తిరిగే తడి నేల మీద వట్టికాళ్లతో నడిచేకంటే ఇవి ఎంతో మేలు. వేళ్ల మధ్య తామర, అరికాలి పులిపిర్లు అలాంటి తడినేలల మీదనే అంటుకుంటాయి. త్వరగా ఆరతాయి, కడుక్కోవచ్చు, మరొకటి అక్కడ పనికిరాదు కూడా. తడి నేల మీద వాడే చెప్పులకు అడుగున గీతలు స్పష్టంగా ఉండాలి, అరిగి నునుపైనవి తడి టైల్స్ మీద మంచులా జారుతాయి. కాళ్లకు నూనె గానీ క్రీము గానీ రాసుకున్న వెంటనే వేసుకోవడం కూడా ప్రమాదమే.

ఇంట్లో టైల్స్, మార్బుల్, గ్రానైట్ నేలలు వచ్చాక మడమ నొప్పులతో వచ్చేవారిలో ఇంట్లో వట్టికాళ్లతో తిరిగే గృహిణులు ఎక్కువగా కనిపిస్తున్నారు. బయటి చెప్పులు ఇంట్లోకి తేకూడదన్న ఆచారం మంచిదే. కానీ ఇంట్లో మాత్రమే వాడే ఒక జత వేరుగా పెట్టుకుంటే ఆ ఆచారానికి లోటు రాదు. మడమ నొప్పి లేనివారికి ఆ ఇంటి జత కొత్తగా, మందంగా ఉన్న హవాయి చెప్పులైనా సరిపోతుంది. వీధి చివర దుకాణానికి వెళ్లి రావడానికి, చెత్తబుట్ట బయట పెట్టడానికి, పది నిమిషాల నడకకు ఇవి చాలు. అంతకు మించి నడవవలసి వచ్చినా, ఒకే చోట గంటకు మించి నిలబడవలసి వచ్చినా, మెట్లు, గతుకుల రోడ్లు ఉన్నా వేరే జత తీయాలి.

బండి నడిపేటప్పుడు మాత్రం పది నిమిషాల లెక్క వర్తించదు. బైకు గేరు మార్చేది కాలివేళ్లతో, ఆగేటప్పుడు నేలకు ఆనించేది అదే కాలు. జారే చెప్పుతో రెండూ కుదరవు, బండి ఒరిగితే వేళ్లకు అడ్డేమీ ఉండదు. కారులో, ఆటోలో ఊడిన చెప్పు బ్రేకు పెడల్ కింద ఇరుక్కుపోవచ్చు. వాన నీళ్లు నిలిచిన రోడ్ల మీద చెప్పు నీటిలో లాగేసుకుపోయి కాలు వట్టిగా మిగిలేది సరిగ్గా మేకులు, గాజు పెంకులు కనపడని చోటే.

షుగర్ ఉన్నవారికి లెక్క వేరు

షుగర్ ఎక్కువ కాలం ఉన్నవారిలో కాళ్ల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. చెప్పు కాలి నుంచి ఊడిపోయినా తెలియక రెండడుగులు వేసి, వెనక్కి చూసుకుంటేగానీ గుర్తించలేకపోవడం దానికి తొలి సూచనల్లో ఒకటి. మన దగ్గర చాలామంది దీన్ని వయసు అని వదిలేస్తారు. ఇంట్లో ఇలా పరీక్షించవచ్చు: కళ్లు మూసుకొని పడుకోమని చెప్పి, రెండు కాళ్లకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివరలను మరొకరు వేలికొనతో ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకాలి. నొక్కకూడదు, రుద్దకూడదు, మొత్తం ఆరు తాకిళ్లు. వాటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే భావించి డాక్టరుకు చూపించాలి. దీన్ని ఇప్స్‌విచ్ స్పర్శ పరీక్ష అంటారు.

స్పర్శ తగ్గినవారికి హవాయి చెప్పులు ఎక్కడా తగవు, ఇంట్లో కూడా. గుండీ ఒరిపి వేలి సందులో పుండు పడినా, కింది నుంచి ముల్లు దిగినా నొప్పి తెలియదు, తెలిసేసరికి చీము పట్టి ఉంటుంది. వట్టికాళ్లతో గానీ, వట్టి మేజోళ్లతో గానీ, పల్చని అడుగున్న చెప్పులతో గానీ ఇంటా బయటా తిరగవద్దని మధుమేహ పాద సమస్యలపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా చెబుతోంది. ఇలాంటివారికి మన దగ్గర దొరికేవి ఎం.సి.ఆర్. చెప్పులు, అంటే చిన్న చిన్న గాలి గదులతో మెత్తగా ఉండే రబ్బరు లోపలి పొర, ముల్లు దిగనంత గట్టి బయటి అడుగు ఉన్నవి. వాటిలోనూ వేలి సందులో గుండీ లేనివి, వెనక పట్టీ ఉన్నవి, మేకులతో కాకుండా జిగురుతోనో కుట్టుతోనో చేసినవి చూసి తీసుకోవాలి. కాలు పెట్టే ముందు ప్రతిసారీ లోపల చేత్తో తడిమి చూడటం, రాత్రి పడుకొనే ముందు వేలి సందులు చూసుకోవడం మానకూడదు.

పిన్నికి షుగర్ లేదు, స్పర్శ పరీక్షలో ఆరు తాకిళ్లూ చెప్పింది. కాబట్టి ఆమెకు చెప్పినవి తేలికైనవే. మంచం దిగకముందే ఒక కాలిని మరో మోకాలి మీద వేసుకొని, వేళ్లను కాలి ముందు ఎముక వైపు వెనక్కి లాగి పది లెక్కపెట్టే దాకా పట్టుకోవాలి. అలా పదిసార్లు, రోజుకు మూడుమార్లు. దుకాణానికి వెల్క్రో శాండిల్, ఇంట్లో మడమ కింద మందం ఉన్న వేరే జత. దుకాణంలో కస్టమర్లు లేనప్పుడు కూర్చోవడానికి స్టూలు అడగడానికి ఆమె మొదట జంకింది, తర్వాత తోటి అమ్మాయిలతో కలిసి అడిగి సాధించుకొంది. మొదటి మూడు వారాలు ఏ తేడా కనిపించక, శాండిల్ దండగని నాతో పోట్లాడింది. ఈ నొప్పి వారాల్లో కాదు, నెలల్లో తగ్గుతుందని ముందే గట్టిగా చెప్పకపోవడం నా పొరపాటు. రెండో నెల చివర పొద్దుటి నొప్పి సగానికి తగ్గింది, అయిదో నెలకు మంచం దిగడానికి భయపడటం మానేసింది. పగుళ్లు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు, చలికాలంలో మేజోళ్లు వేసుకోవడం ఆమెకు ఇష్టముండదు.

పాత హవాయి చెప్పులు పారేసి, కొత్త జత ఒకటి కొని స్నానాల గది బయట పెట్టుకొంది. వాటి అడుగు మీద పెన్నుతో కొన్న నెల రాయించాను. మడమ కింద మందం కొత్తలో ఉన్నదానిలో సగానికి వచ్చినా, అడుగు గీతలు అరిగినా, వాటిని మార్చేయడానికి అదే గుర్తు.